మొదటి హదీసులో లేని వాక్యం

సహీహ్ బుఖారీ తెరవగానే వచ్చే మొదటి హదీసులో ఒక వాక్యం లేదు. అచ్చుతప్పు కాదు. వెయ్యేళ్ల కిందట ఖత్తాబీ చూసిన రాతప్రతుల్లోనూ అది లేదు. హదీసు వ్యాఖ్యానాలు (అరబీలో 'షర్హ్' అంటారు) ఎలా పనిచేస్తాయో నాకు అర్థమైంది ఈ ఖాళీ దగ్గరే.

నా అరబీ నత్తనడక. నిఘంటువు పక్కన పెట్టుకుని శని, ఆదివారాల్లో పేజీ, పేజీన్నర. అలా చదువుతున్నది ఇబ్న్ హజర్ అస్ఖలానీ రాసిన 'ఫత్హుల్ బారీ'. బుఖారీ 870లో చనిపోయాడు. ఇబ్న్ హజర్ (1372–1449) ఐదారు వందల ఏళ్ల తర్వాత కైరోలో కూర్చుని, దాదాపు పాతికేళ్లు పట్టి ఈ వ్యాఖ్య పూర్తిచేశాడు. మనకు మరీ దూరపు మనిషేం కాదు. హదీసులు చెప్పినవాళ్ల జీవిత వివరాలతో ఆయన చేసిన పెద్ద కోశం 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయింది మన హైదరాబాదులోనే, దాయిరతుల్ మఆరిఫ్‌లో.

ముందు హదీసులో ఏముందో చెప్తాను. ఖలీఫా ఉమర్ మింబరు మీద నుంచి ప్రవక్త మాటగా చెప్పినది. సారాంశంగా నాలుగు ముక్కలు. ఒకటి, పనులు సంకల్పాలను బట్టే. రెండు, ఎవరికైనా దక్కేది వాళ్లు సంకల్పించుకున్నదే. మూడు, దేవుడి కోసం, ఆయన ప్రవక్త కోసం వలస వెళ్లినవాడి వలస ఆ వైపుకే చెందుతుంది. నాలుగు, లోకంలో ఏదో లాభానికో, ఒక స్త్రీని పెళ్లాడటానికో వెళ్లినవాడి వలస దానికే చెందుతుంది. బుఖారీ మొదటి పేజీలో మూడోది లేదు. రెండు నుంచి నేరుగా నాలుగుకి దూకుతుంది.

ఇబ్న్ హజర్ ఈ ఖాళీని వదిలిపెట్టడు. కానీ అక్కడికి వచ్చేముందు మాటల సంగతి చూస్తాడు. 'ఖౌలుహు', అంటే 'ఆయన అన్నది', అని మొదలుపెట్టి మూలంలోంచి ఒక మాటో, పదబంధమో ఎత్తుకుంటాడు. దాన్ని వివరించి ముందుకెళ్తాడు. మన టీకల్లో ప్రతిపదం ఎత్తుకున్నట్టే. 'ఇన్నమా' అన్న మాట దగ్గర బాగా ఆగుతాడు. అది పరిమితి చెప్పే మాట: ఇదే, ఇంకోటి కాదు. తెలుగులో దీనికి వేరే మాట అక్కర్లేదు, ఒక్క ఏత్వం చాలు. 'సంకల్పాన్ని బట్టి' అంటే సంకల్పం ఒక కారణం. 'సంకల్పాన్ని బట్టే' అంటే అదొక్కటే. ఇబ్న్ హజర్ పేజీలకొద్దీ తేల్చేది ఈ దీర్ఘం విలువ ఎంత అన్నదే.

ఇంకో చిక్కుంది. ఆ మొదటి ముక్కలో క్రియ లేదు. పనులు సంకల్పాలను బట్టే... ఏమవుతాయి? తెలుగులోనూ ఈ వాక్యం క్రియ లేకుండా హాయిగా నిలబడుతుంది కాబట్టి మనం గమనించం. అరబీ వ్యాకర్తకి మాత్రం 'బి' అన్న ప్రత్యయం దేనికో ఒకదానికి అతుక్కోవాలి. అది కనబడకపోతే ఏదో లోపించిందని అర్థం. ఏది?

ధర్మశాస్త్రం మొత్తం వచ్చి ఈ ఖాళీలో కూర్చుంటుంది. ఒక ఉదాహరణ. ఎండాకాలం, ఒకడు ఒళ్లు చల్లబడటానికి చెరువులో దూకాడు. నమాజుకి ముందు కడుక్కోవాల్సిన ముఖం, చేతులు, తల, పాదాలు అన్నీ తడిశాయి. కానీ వుజూ చేస్తున్నానన్న ఆలోచన లేదు. బయటికొచ్చి నేరుగా నమాజు చేయొచ్చా? షాఫియీల ప్రకారం కుదరదు. వాళ్లు లోపించిన మాట 'చెల్లుతాయి' అంటారు. పనులు సంకల్పం ఉంటేనే చెల్లుతాయి, ఇతని వుజూ చెల్లలేదు. హనఫీల ప్రకారం కుదురుతుంది. సంకల్పాన్ని బట్టి వచ్చేది పుణ్యం అంటారు వాళ్లు. అతనికి వుజూ పుణ్యం రాలేదు, అంతే. శుభ్రం చేయడం నీళ్ల స్వభావం, అవి మన ఉద్దేశం అడగవు.

ఇబ్న్ హజర్ షాఫియీ. తన పక్షాన్ని దాచుకోడు. కానీ తగవు హద్దులు కచ్చితంగా గీస్తాడు. నమాజులాంటి అసలు ఆరాధనకు సంకల్పం తప్పనిసరి అన్నదాంట్లో ఇరువర్గాలకూ తేడా లేదు, వుజూలాంటి సాధనాల దగ్గరే పేచీ అంటాడు. అదే కైరోలో, అదే కాలంలో, అదే బుఖారీకి 'ఉమ్దతుల్ ఖారీ' రాసిన బద్రుద్దీన్ ఐనీ హనఫీ. ఆయన ఈ ఖాళీని తన వైపు నుంచి పూరిస్తాడు. ఇద్దరిదీ ఒకే మూలం, అందులో ఒక్క అక్షరం మీద కూడా పేచీ లేదు. మూలంలో లేని మాట మీదే వాదన. ఈ రెండు ధర్మశాఖలవాళ్లూ హైదరాబాదులో ఇప్పటికీ ఉన్నారు. ఎక్కువమంది హనఫీలు. యెమెన్ మూలాలున్న బార్కస్ కుటుంబాలు షాఫియీలు.

ఇక పాఠాంతరాలు. ఇక్కడ మనకు అలవాటైన అర్థం కొంచెం మార్చుకోవాలి. మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ పాఠాంతరం అంటే, చాలావరకు అది లేఖకుల చేతుల్లో వచ్చిన తేడా. కవి రాసింది ఒకటే, దాన్ని వెతకాలి. హదీసులో తేడా అంతకంటే ముందే, నోళ్లలో మొదలవుతుంది. ఈ ఒక్క హదీసునే బుఖారీ తన గ్రంథంలో ఏడుచోట్ల పెట్టాడు. ఒకచోట 'పనులు', 'సంకల్పాలు' రెండూ బహువచనం. ఇంకోచోట పనులు బహువచనం, సంకల్పం ఏకవచనం. వివాహ ప్రకరణంలో రెండూ ఏకవచనమే. కొన్నిచోట్ల 'ఇన్నమా' ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు.

వీటికి ఇబ్న్ హజర్ ఇచ్చే కారణాలు అందంగా ఉంటాయి. పనులు అవయవాలతో చేసేవి గనక అనేకం, సంకల్పం ఉండే చోటు హృదయం ఒక్కటే గనక ఏకవచనం అంటాడు. 'ఇన్నమా' లేనిచోట కూడా 'పనులన్నీ' అనే వ్యాప్తి పదంలోనే ఉంది కాబట్టి పరిమితి పోలేదంటాడు. చదువుతుంటే తల ఊపాలనిపిస్తుంది. కానీ ఆయనే ఇచ్చిన ఇంకో సమాచారం పక్కన పెట్టి చూడాలి. ఈ హదీసు ప్రామాణికంగా ఒకే దారిలో వచ్చింది: ఉమర్ నుంచి అల్ఖమా, ఆయన నుంచి ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, ఆయన నుంచి యహ్యా బిన్ సయీద్. నాలుగు తరాలు, తరానికి ఒక్కడు. యహ్యా తర్వాతే అది పెద్ద గుంపుగా విచ్చుకుంటుంది. అంటే ఏడు రూపాలూ ఏడుసార్లు అన్న మాటలు కావు. ఒక మనిషి దగ్గర విన్నదాన్ని శిష్యులు తలా ఒకలా చెప్పినవి అనుకోవడమే సబబు. అలాంటప్పుడు ఏకవచనంలో రహస్యార్థం వెతకడం ఎంతవరకు నిలుస్తుంది? ఆఫీసులో రెండు ఫైళ్ల మధ్య తేడా చూసినప్పుడు మేం మొదట అడిగేది 'ఎందుకు మారింది' అని కాదు, 'ఎవరి చేతిలో మారింది' అని. ఇబ్న్ హజర్‌కి ఈ రెండో ప్రశ్న అందరికంటే బాగా తెలుసు. అయినా మొదటి ప్రశ్న రుచిని వదులుకోలేకపోయాడు అనిపిస్తుంది నాకు.

పాఠకుడిగా నేను తిన్న ఎదురుదెబ్బ ఒకటి చెప్పాలి. ఒక్కోసారి వ్యాఖ్య వివరిస్తున్న మాట పైన అచ్చయిన హదీసులో కనబడదు. నా అరబీ మీదే అనుమానం వచ్చేది. సంగతేమిటంటే ఇబ్న్ హజర్ పూర్తి మూలం రాసుకోలేదు, ఎత్తుకున్న ముక్కలే రాశాడు. ఆయన ప్రధానంగా ఆధారపడింది అబూ జర్ర్ ద్వారా వచ్చిన బుఖారీ పాఠం మీద. తర్వాతి ప్రచురణకర్తలు పైన వేరే పాఠం తెచ్చి అచ్చువేశారు. కాబట్టి 'ఖౌలుహు' తర్వాత ఉన్నది పైన దొరక్కపోతే ముందు అనుమానించాల్సింది పై పాఠాన్ని.

ఇప్పుడు ఆ లేని వాక్యం. ఖత్తాబీ, బుఖారీకి మనకు దొరికే తొలి వ్యాఖ్యాత, ఈ లోపం ఎవరి వల్ల, ఎలా వచ్చిందో తెలియదని రాసేశాడు. అండలూసియాకు చెందిన ఇబ్నుల్ అరబీ ఇంకా కటువు. బుఖారీకి ఈ హదీసు చెప్పిన గురువు హుమైదీ తన సొంత సంకలనంలో దాన్ని పూర్తిగానే ఇచ్చాడు, కాబట్టి బుఖారీకి సాకు లేదన్నాడు. ఇబ్న్ హజర్ ఈ అభిప్రాయాలను దాచకుండా పెట్టి, తర్వాత సమాధానాలు పేరుస్తాడు. హుమైదీయే ఒకసారి కుదించి చెప్పి ఉండొచ్చు. లేదా బుఖారీయే కావాలని తీసి ఉండొచ్చు. ఎందుకు? మొదటి హదీసు గ్రంథానికి ముందుమాట లాంటిది, రచయిత తన ఉద్దేశం చెప్పుకునే చోటు. అక్కడ 'దేవుడి కోసం వెళ్లినవాడు' అన్న వాక్యం ఉంచితే తన గురించి తాను చెప్పుకున్నట్టవుతుంది. అందుకని అది తీసి, హెచ్చరికను మాత్రం ఉంచాడు.

చాలా గొప్ప ఊహ ఇది. సంకల్పం గురించిన హదీసులోనే సంకలనకర్త సంకల్పాన్ని చదవడం. కానీ రుజువు చేయలేం. ఒక గ్రంథం మీద పాతికేళ్లు కూర్చున్నవాడికి ఆ గ్రంథకర్త పొరబడ్డాడని ఒప్పుకోవడం కష్టం. ఈ ప్రక్రియ బలహీనత అదే. వ్యాఖ్య ఎప్పుడు వకాల్తాగా మారిందో గీత కనబడదు.

అయినా ఇబ్న్ హజర్‌ని నేను నమ్మడానికి కారణం ఇదే హదీసు దగ్గర ఇంకోచోట ఉంది. 'స్త్రీని పెళ్లాడటానికి' అన్న ముక్కకి ఒక కథ ప్రచారంలో ఉంది. ఉమ్ము ఖైస్ అనే ఆవిడ తనను చేసుకోవాలంటే వలస రావాలందట, ఒకతను వచ్చి చేసుకున్నాడట, హదీసు అతని గురించేనట. ప్రసంగాలకు భలే పనికొచ్చే కథ. ఇబ్న్ హజర్ కథ ఎక్కడిదో చూపించి, దాని ఆధారం గట్టిదేనని ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, హదీసు ఆ సందర్భంలో పుట్టిందని మాత్రం అందులో ఎక్కడా లేదంటాడు. కథ నిజమే, హదీసు నిజమే, రెంటినీ కలిపిన ముడికే ఆధారం లేదు.

బుఖారీ విషయంలో ఆయన ఈ కాఠిన్యం చూపలేదు. కానీ ఖత్తాబీ 'తెలియదు'ని, ఇబ్నుల్ అరబీ కోపాన్ని తన జవాబు పక్కనే ఉంచాడు. ఆయన మూలంలోకి ఆ మూడో వాక్యాన్ని తెచ్చి అతికించలేదు. అతికించి ఉంటే నేను ఈపాటికి రెండో హదీసుకు వెళ్లిపోయి ఉండేవాణ్ని, ఆయనతో విభేదించే అవకాశమే లేకుండా.