స్టేజీ పెళ్లి నడిపే స్నేహితుడు

స్టేజీ పెళ్లిలో పురోహితుడు ఉండడు, హోమం ఉండదు, ముహూర్తం చూడరు. వధూవరులను వేదిక మీదికి పిలవడం, వాళ్లు ఎందుకు కలిసి బతకాలనుకున్నారో సభకు చెప్పడం, ఇద్దరి చేత ప్రమాణం చేయించడం, వచ్చినవాళ్లను సాక్షులుగా నిలబెట్టడం, ఇవన్నీ ఒక్క మనిషి మాట మీద నడుస్తాయి. ఖమ్మం జిల్లాలో వేంసూరు, సత్తుపల్లి ప్రాంతాల వాళ్లకు ఇది కొత్త కాదు. కమ్యూనిస్టు ఉద్యమం పాతుకుపోయిన జిల్లాలో దండల పెళ్లి, ఆదర్శ వివాహం, పార్టీ పెళ్లి అనే పేర్లతో ఇది చాలాకాలంగా ఉంది. పార్టీ కుటుంబాల్లో సాధారణంగా ఒక నాయకుడు అధ్యక్షత వహిస్తాడు. పార్టీతో సంబంధం లేని జంటలకైతే ఆ బాధ్యత ఎక్కువగా స్నేహితుడి మీదే పడుతుంది.

తెలుగునాట ఈ పద్ధతి రెండు దారుల్లో వచ్చింది. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ‘వివాహ విధి’ రాసి, అర్థంకాని మంత్రాల స్థానంలో తెలుగు మాటలు పెట్టారు. తంతు ఉంటుంది, కానీ పెళ్లి చేసుకునేవాళ్లకు తాము ఏమంటున్నారో తెలుస్తుంది. రెండో దారి తంతునే పక్కన పెట్టింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, తన పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయించారు. ఆ పెళ్లి సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. దేవుడి పేరున చేసే ప్రమాణాన్ని సత్యం పేరున చేయించడానికీ అంగీకరించారు. 1948 మార్చిలో ఆ పెళ్లి జరిగేనాటికి గాంధీ లేరు. ఒక్క పదం మార్చడానికి ఇద్దరు పెద్దమనుషులు ఇంత చర్చించుకున్నారంటే, ఇలాంటి పెళ్లిలో మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది. అగ్ని లేదు, ఏడడుగులు లేవు. పలికిన మాటే తంతు.

అందుకే పెళ్లి నడిపేవాడి పని వేదిక ఎక్కకముందే మొదలవుతుంది. పెళ్లికి రెండు మూడు వారాల ముందు అబ్బాయితో ఒకసారి, అమ్మాయితో ఒకసారి విడివిడిగా కూర్చోవాలి. ఇద్దర్నీ కలిపి అడిగితే ఒకరు చెప్పిందానికి రెండోవారు తల ఊపుతారు. ఎలా పరిచయమయ్యారు, పెళ్లి మాట ముందు ఎవరు ఎత్తారు, ఇంట్లో ఎవరు కాదన్నారు, డబ్బు వ్యవహారం ఎలా చూసుకుంటారు, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు ఊరు మారతారు అని అడగాలి. సభలో చెప్పకూడనిదేమిటో కూడా అడగాలి, ఆ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, ఎవరైనా బలవంతపెట్టారా అన్నది తేలేదీ ఇక్కడే. వేదిక మీద మైకు ముందు ఎవరూ కాదనరు.

ఒక సందర్భం అనుకుందాం. అబ్బాయిది వేంసూరు మండలంలో ఒక ఊరు, సత్తుపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. అమ్మాయి ఖమ్మంలో స్టాఫ్ నర్సు. కులాలు వేరు. అమ్మాయి తల్లి వస్తానంది, తండ్రి రానన్నాడు. అబ్బాయి నాయనమ్మకు ముహూర్తం లేని పెళ్లంటే దిగులు. ఊరి ఫంక్షన్ హాల్లో మూడు వందల మంది కూర్చుంటారు. వాళ్లలో సగం మందికి పైగా ఇలాంటి పెళ్లి చూడటం ఇదే మొదటిసారి.

తొలి మాట ఆ సగం మందికే చెప్పాలి. ఏం జరగబోతోందో, ఎంతసేపు జరుగుతుందో, వాళ్లు ఏం చేయాలో నాలుగు వాక్యాల్లో చెప్పేస్తే జనం కుదుటపడతారు. “ఈ పెళ్లిలో మంత్రాలు ఉండవు. వీళ్లిద్దరూ ఒకరికొకరు ఇచ్చుకునే మాటే మంత్రం. ఆ మాట మీరందరూ వినాలి, విన్నామని చెప్పాలి. అరగంటలో భోజనాలు.” చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, పిల్లలతో వచ్చినవాళ్లు మొదట వినేది దాన్నే.

చాలా ఉపన్యాసాలు చెడేది ఈ మొదటి అయిదు నిమిషాల్లోనే. పురోహితులను తిట్టడంతో మొదలుపెడితే నాయనమ్మ లాంటివాళ్లు అక్కడితో చెవులు మూసుకుంటారు, తర్వాత ఎంత మంచి మాట చెప్పినా ఎక్కదు. ఇక పార్టీ పెళ్లిళ్ల జబ్బు ఇంకొకటి. అధ్యక్షుడు అంతర్జాతీయ పరిస్థితితో ఎత్తుకుని, దేశ పరిస్థితి మీదుగా జిల్లాకు వచ్చేసరికి పెళ్లికూతురి మెడలో వేయాల్సిన దండ వాడిపోతుంది. ఆ తర్వాత మరో ఆరుగురు వక్తలు. పెళ్లి సభలో ప్రధాన ప్రసంగం పది పన్నెండు నిమిషాలు దాటకూడదు, మిగతావాళ్లు ప్రమాణం అయ్యాక రెండేసి నిమిషాలు మాట్లాడితే చాలు.

తర్వాతిది జంట గురించి చెప్పడం. దాంపత్యం బండికి రెండు చక్రాలు అనే మాట ఏ పెళ్లిలోనైనా అతుకుతుంది, కాబట్టి ఈ పెళ్లికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఈ ఇద్దరికే చెందిన ఒకటి రెండు సంగతులు కావాలి. అమ్మాయికి రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో అబ్బాయి షాపు ఆలస్యంగా తెరుస్తానన్నాడు. అద్దె ఇల్లు సత్తుపల్లిలో కాకుండా ఖమ్మం బస్సు దొరికే చోట చూశారు. ఈ రెండు వాక్యాలు చెబితే సమానత్వం అనే పదం వాడకుండానే విషయం అందరికీ అర్థమవుతుంది. ఇక్కడే నోరు జారే ప్రమాదం ఒకటుంది. “మా అమ్మాయిని మీ ఇంటికిస్తున్నాం” అనే ధోరణి తెలుగు పెళ్లి మాటల్లో ఎంత పాతుకుపోయిందంటే, కన్యాదానం వద్దనుకుని స్టేజీ ఎక్కినవాళ్లు కూడా తెలియకుండా అదే అంటారు. ఆ మాటను ముందే రాసుకున్న కాగితంలో వెతికి కొట్టేయాలి. రాని తండ్రి ప్రస్తావన కూడా వద్దు. వచ్చిన తల్లిని పేరుపెట్టి పలకరిస్తే చాలు.

ప్రమాణం దగ్గర పని సాంకేతికం. ఇద్దరూ లేచి ఎదురెదురుగా నిలబడాలి. మైకు స్టాండు మీద కాకుండా నడిపేవాడి చేతిలో ఉండాలి, ఎందుకంటే దండలు పట్టుకున్న చేతులతో వాళ్లు మైకు పట్టలేరు. మాటలు వాళ్లే రాసుకుని ఉండాలి. నడిపేవాడు రెండు మూడు పదాల చొప్పున అందిస్తే వాళ్లు తిరిగి పలుకుతారు: “నా ఇష్టంతో, / ఎవరి ఒత్తిడీ లేకుండా, / నిన్ను నా భర్తగా / స్వీకరిస్తున్నాను.” ముక్క అంతకన్నా పొడవైతే గొంతు మధ్యలో తడబడుతుంది, సభ నవ్వుతుంది. అబ్బాయి ఏ మాటలు అన్నాడో అమ్మాయీ అవే అనాలి. ఒకరు “కాపాడతాను” అని, రెండోవారు “అనుసరిస్తాను” అంటే పాత పెళ్లే కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టవుతుంది.

అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేది సాక్షుల విషయంలో. “అందరూ చప్పట్లతో ఆశీర్వదించండి” అనేసి ముగిస్తారు. చప్పట్లు కొట్టినవాళ్లు సినిమా చూసినట్టు చూసి వెళ్లిపోతారు. సాక్షులను అడగడం అంటే పనిని కచ్చితంగా పేరుపెట్టి అడగడం. కులాంతర పెళ్లిలో ఆ పని ఏమిటో ఊరందరికీ తెలుసు. కొత్త జంటను పండక్కి పిలవడం, అద్దె ఇల్లు ఇవ్వడం, గొడవైతే పెళ్లి చేసుకున్న తీరును దెప్పిపొడవకుండా మాట్లాడటం, అమ్మాయికి పుట్టింటి తలుపు మూసుకుపోతే ఇంకో తలుపు తీయడం.

అడిగే తీరుకూ ఒక పద్ధతుంది. జనం ఒకే గొంతుతో ఒక్క మాటే పలకగలరు, కాబట్టి ప్రశ్న “ఉంటాం” అనే జవాబు వచ్చేలా ముగియాలి. “వీళ్లకు కష్టం వచ్చిన రోజు తోడుంటారా?” అంటే జవాబు నోటికి వస్తుంది. “వీళ్లను విడదీయాలని చూసేవాళ్లను మీరు సమర్థించరు కదా?” అంటే అవునో కాదో తెలియక హాలంతా గొణుగుతుంది. ముందు వరుసలో నలుగురు స్నేహితులకు ముందే చెప్పి ఉంచాలి. వాళ్లు గట్టిగా మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు. ప్రశ్నలు రెండు చాలు. మొదటిది అందరికీ, రెండోది రెండు కుటుంబాల వైపు తిరిగి. అడిగాక మూడు నాలుగు క్షణాలు ఆగాలి. ఆ మౌనానికి కంగారుపడి నడిపేవాడే జవాబు చెప్పేస్తే అడిగిన ఫలితం పోతుంది. “లేచి నిలబడండి” అనేది మాత్రం జాగ్రత్తగా వాడాలి. ఇష్టం లేక కూర్చుండిపోయిన బంధువు ఎవరో సభంతటికీ తెలిసిపోతుంది, ఆ అవమానం జంట మీదికే తిరిగొస్తుంది.

దండలు మార్చుకోవడంతో సభ దృష్టిలో పెళ్లి అయిపోతుంది. చట్టం దృష్టిలో కాదు. నడిపే స్నేహితుడికి చట్టం ఏ అధికారమూ ఇవ్వలేదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారమైనా తంతు జరగాలి, అది లేకుండా ఒక్క సర్టిఫికెట్‌తో హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. తమిళనాడు సంగతి వేరు. పెరియార్ నడిపిన ఆత్మగౌరవ వివాహాల కోసం అన్నాదురై ప్రభుత్వం 1967లో ఆ చట్టానికి సెక్షన్ 7ఎ చేర్చింది. బంధువులు, స్నేహితుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నామని తమకు తెలిసిన భాషలో చెప్పుకుని, దండలు మార్చుకున్నా అక్కడ పెళ్లి చెల్లుతుంది. అలాంటి సెక్షన్ తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ లేదు.

కాబట్టి మన జంట ప్రత్యేక వివాహ చట్టం, 1954 దారి పట్టాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. అది కార్యాలయం బోర్డు మీద అతికిస్తారు, అభ్యంతరాలకు 30 రోజుల గడువు. ఇంట్లో తెలియకుండా పెళ్లి చేసుకునేవాళ్లకు ఈ బోర్డే గండం, ఆ సంగతి స్నేహితుడికి మొదటిసారి కూర్చున్నప్పుడే తెలియాలి. గడువు ముగిశాక అధికారి ఎదుట ముగ్గురు సాక్షులు సంతకం చేస్తారు. పెళ్లి ఏ రూపంలోనైనా జరుపుకోవచ్చు, కానీ అధికారి, ఆ ముగ్గురి సమక్షంలో ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని తమకు అర్థమయ్యే భాషలో ఇద్దరూ పలకాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ఇదంతా జరగకపోతే మళ్లీ కొత్త నోటీసు పెట్టాలి.

అదనపు రుసుము కడితే అధికారి సహేతుకమైన దూరంలో ఉన్న చోటికి రావచ్చని చట్టం చెబుతుంది. అది కుదిరితే ఆఫీసు ప్రమాణం, వేదిక ప్రమాణం ఒకటే అవుతాయి. కుదరకపోతే సంతకాలు సభకు ముందురోజే ముగించుకోవడం మేలు. అప్పుడు స్నేహితుడు కాగితంలో ఒక వాక్యం దిద్దుకోవాలి. “ఈ క్షణం నుంచి మీరు భార్యాభర్తలు” అని కాకుండా “నిన్న కాగితం మీద పెట్టిన సంతకాన్ని ఈరోజు మీ అందరి ఎదుట మాటగా చెబుతున్నారు” అనాలి. ఆ ముగ్గురు సాక్షులనూ పేరుపేరునా వేదిక మీదికి పిలిచి సభకు పరిచయం చేయాలి.