ప్రశ్నను చెక్కే నేర్పు

భౌగోళిక సూచిక, అంటే ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన సరుకుకు చట్టమిచ్చే రక్షణ, రైతుకు మేలు చేస్తుందా అన్న ప్రశ్న ఎంత పెద్దదంటే దానికి ఏ జవాబైనా చెల్లిపోతుంది. నేర్పరి అయిన పరిశోధకుడు దాన్ని 2017లో నమోదైన బనగానపల్లె మామిడి దగ్గరికి తెచ్చి, 1999 నాటి చట్టంలోని 17వ సెక్షన్ మీద నిలుపుతాడు. నమోదిత యజమానిగా ఉద్యాన కమిషనర్ ఉన్నా, ఆ పేరు వాడుకునే ప్రత్యేక హక్కు కోసం రైతు ఈ సెక్షన్ కింద విడిగా ‘అధీకృత వినియోగదారు’గా నమోదు కావాలి, సిద్ధాంత వ్యాసం ఈ సన్నని సందులోనే దొరుకుతుంది. ‘బనగానపల్లె పరిసరాల రైతుల్లో ఎవరు నమోదయ్యారు, కానివారిని ఆపినదేమిటి’ అని రాసుకున్నాక, ప్రతి మాటకూ ఎదురుగా దాన్ని తేల్చగల కాగితాన్నో మనిషినో రాస్తూపోయి, మొదటి ప్రశ్నలోని ‘మేలు’ అన్న మాట ఎదుట గడి ఖాళీగా మిగలగానే దాన్ని కొట్టేసే ఆ నిర్దాక్షిణ్యమే మెచ్చుకోదగినది. ప్రణాళికలో ముందు చట్టపాఠం, ఆపైన చెన్నైలోని రిజిస్ట్రీ రికార్డు, చివరికి కోతలు ముగిశాక (కోతల వేళ ఏ రైతు కూర్చుని మాట్లాడతాడు గనక!) ఇంటర్వ్యూలు వస్తాయి. నమోదు వల్ల ధర పెరిగిందో లేదో రిజిస్టరు చెప్పదు కాబట్టి, ఆ సంగతి తన పరిధిలో లేదని అతడు మొదటి అధ్యాయంలోనే రాసిపెడతాడు.