గుజ్జు డ్రమ్ము, టీవీ ప్యానెల్: పడిన రూపాయి ఎవరి పక్షం?

2025 డిసెంబరు 3న డాలరు తొలిసారి 90 రూపాయలు దాటింది. అదే ఏడాది మే నెలలో అది 85 దగ్గర ఉండేది. రూపాయి పడినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. ఎగుమతిదారులకు ఇక పండగే అనేది ఒకటి, దిగుమతిదారుల నడ్డి విరిగింది అనేది రెండోది. రెండూ నిజమే. కానీ రెండింటినీ ఒకే బరువున్న నిజాలుగా చెప్పడం నాకు సరిగా తోచదు. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీని, రేణిగుంట విమానాశ్రయానికి దగ్గరలో వికృతమాల ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో టీవీలు బిగించే ఫ్యాక్టరీని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రెండూ సరుకు కోసం చూసేది చెన్నై ఓడరేవు వైపే. ఒకదాని కంటైనర్లు అటు పోతాయి, మరొకదానివి అటునుంచి వస్తాయి.

ముందు గుజ్జు సంగతి. జూన్, జూలై నెలల్లో ర్యాంపుల దగ్గర కాయ కొంటారు, మాగబెడతారు, గుజ్జు తీసి వేడిచేసి, గాలి చొరబడని సంచుల్లో నింపి స్టీలు డ్రమ్ముల్లో పెడతారు. ఒక్కో డ్రమ్ములో సుమారు 215 కిలోలు పడతాయి. టన్ను గుజ్జుకు దాదాపు రెండు టన్నుల కాయ కావాలి. ఈ ఖర్చులో అత్యధిక భాగం రూపాయల్లోనే ఉంటుంది. కాయ, కూలి, కరెంటు, బ్యాంకు వడ్డీ అన్నీ ఇక్కడివే. సరుకు మాత్రం సౌదీకో, యెమెన్‌కో, నెదర్లాండ్స్‌కో ఎక్కువగా డాలరు ధరకే పోతుంది.

లెక్క సులువుగా ఉండేందుకు కొన్ని అంకెలు ఊహించుకుందాం. టన్ను గుజ్జు ధర 900 డాలర్లు, ఖర్చు 70,000 రూపాయలు. ఆ ఖర్చులో సంచి, డ్రమ్ము, ఓడ కిరాయి వంటి డాలరుతో పెరిగేవి 7,000 అనుకుందాం. డాలరు 85 ఉన్నప్పుడు రాబడి 76,500, మిగులు 6,500. డాలరు 90 అయితే రాబడి 81,000 అవుతుంది. ఖర్చు పెరిగేది ఆ 7,000 మీదే, అదీ నాలుగు వందల చిల్లర. మిగులు దాదాపు 10,600కు చేరుతుంది. డాలరు పెరిగింది ఆరు శాతం లోపే, ఫ్యాక్టరీ మిగులు మాత్రం అరవై శాతం పైగా పెరిగింది. ఎగుమతిదారులకు పండగ అనే మాటకు మూలం ఈ లెక్కే.

అయితే ఈ లెక్కలో విదేశీ కొనుగోలుదారు ఏమీ ఎరగనట్టు పాత ధరే ఇచ్చాడు. వ్యాపారంలో అలా జరగదు. రూపాయి ఎంత పడిందో రియాద్‌లో, రోటర్‌డామ్‌లో కూర్చున్నవాళ్లకూ మనతో పాటే తెలుస్తుంది. మీకు ఎక్కువ రూపాయలు వస్తున్నాయిగా, కొంత తగ్గించండి అంటాడు. 900కు బదులు 870 డాలర్లకు ఒప్పుకుంటే మిగులు 7,900 దగ్గర ఆగిపోతుంది. 855కు దిగితే 6,500 చిల్లరే, అంటే మొదటికే వచ్చాం. అయిదు శాతం తగ్గింపు రూపాయి పతనం ఇచ్చినదంతా తుడిచేస్తుంది.

ఇంకో సంగతి సౌదీ రియాల్‌ది. అది డాలరుకు 3.75 చొప్పున ఎన్నో ఏళ్లుగా కట్టేసి ఉంది. మన రూపాయి 85 నుంచి 90కి పోయినా, డాలరు ధర మారనంతవరకు సౌదీ వ్యాపారికి గుజ్జు చవకైనట్టు కాదు, కాబట్టి ఎక్కువ కొనడు. ఎక్కువ కొనాలంటే మనం డాలరు ధర దించాలి, దించితే మిగులు కరుగుతుంది. బలహీన రూపాయి ఎగుమతిదారు ముందు పెట్టేది ఒక ఎంపిక. డ్రమ్ము మీద ఎక్కువ మిగుల్చుకోవడమా, లేక ధర దించి ఎక్కువ డ్రమ్ములు అమ్ముకోవడమా? రెండూ పూర్తిగా దక్కవు. మెక్సికో వంటి పోటీదారులు ఉన్న సరుకులో ఆ ఎంపిక కూడా చాలాసార్లు కొనేవాడి చేతిలోనే ఉంటుంది. యూరోలో బిల్లు వేసుకున్నవారి కథ 2025లో వేరు. డాలరు మీద యూరో కూడా బలపడింది కనుక, జనవరిలో 90 రూపాయల లోపున్న యూరో ఏడాది చివరికి వంద దాటింది. రూపాయి పడింది అంటే చాలదు, ఏ కరెన్సీ మీద పడిందో కూడా అడగాలి.

ఇప్పుడు టీవీ ఫ్యాక్టరీ. టీవీకి తెర ముఖ్యం. పరిశ్రమలో ఓపెన్ సెల్ అని పిలిచే ఆ ప్యానెల్‌దే టీవీ ఖర్చులో పెద్ద వాటా. అది, దాని వెనకుండే చిప్పులు ప్రధానంగా చైనా వైపు నుంచి వస్తాయి. ఇక్కడా ఊహాలెక్క వేద్దాం. ఒక టీవీ తయారీకి 10,000 రూపాయల ఖర్చు, అందులో విదేశీ భాగాలు 80 డాలర్లు, కంపెనీ చేతికి మిగిలేది 300. డాలరు 85లో ఆ భాగాల విలువ 6,800, 90లో 7,200. పెరిగింది 400, మిగిలేది 300. ఒక్కో టీవీ మీద వంద రూపాయల నష్టం వచ్చింది. పైగా కస్టమ్స్ సుంకాన్ని రూపాయల విలువ మీద కడతారు కాబట్టి సుంకం శాతం మారకపోయినా కట్టే మొత్తం పెరుగుతుంది.

ఇక్కడ బేరానికి చోటు తక్కువ. మా రూపాయి పడింది, ధర తగ్గించండి అని ప్యానెల్ కంపెనీని అడిగితే వినేవాడుండడు. అతనికి ప్రపంచమంతా కొనేవాళ్లే. గుజ్జు కొనేవాడు మన లాభంలో వాటా అడిగి తీసుకుంటాడు, ప్యానెల్ అమ్మేవాడు మన నష్టంలో వాటా పంచుకోడు. నా దృష్టిలో ఈ పోలికలో అసలు విషయం ఇదే. రూపాయి పతనంతో వచ్చే లాభానికి షరతులుంటాయి, నష్టం మాత్రం మొదటి రోజు నుంచీ దాదాపు పూర్తిగానే పడుతుంది.

పైకి కనిపించని దెబ్బ ఇంకోటుంది. దిగుమతిదారు సరుకు తెచ్చుకునేది తరచూ బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద. దాని పరిమితి రూపాయల్లో ఉంటుంది. ఎనిమిదిన్నర కోట్ల పరిమితి ఉంటే, డాలరు 85లో పది లక్షల డాలర్ల సరుకు తేవచ్చు, 90లో తొమ్మిది లక్షల నలభై నాలుగు వేల డాలర్లది మాత్రమే. ధర పెరగకముందే తేగల సరుకు తగ్గిపోతుంది. మూడు నెలల అరువు మీద తెచ్చినవాడి బాధ ఇంకా ఎక్కువ. 85 లెక్కన టీవీ ధర కట్టి అమ్మేశాక 90 లెక్కన బిల్లు చెల్లించాలి.

బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు రాసుకుని రేటును ముందే ఖాయం చేసుకోవచ్చు కదా అనవచ్చు. చేసుకోవచ్చు, కానీ అక్కడా సమానత్వం లేదు. మన వడ్డీ రేట్లు అమెరికావాటికన్నా ఎక్కువ కాబట్టి, మూడు నెలల తర్వాతి డాలరు ఈ రోజు డాలరు కన్నా కొంచెం ఖరీదు. ముందుగా అమ్ముకునే గుజ్జు వ్యాపారికి ఆ ప్రీమియం చేతికొస్తుంది, ముందుగా కొనుక్కునే టీవీ కంపెనీ దాన్ని చెల్లించాలి. ఈ ఒక్క చోట ఎగుమతిదారుది స్పష్టమైన పైచేయి. ఐతే మే నెలలో 85 చిల్లరకు ముందే అమ్మేసుకున్నవాడికి డిసెంబరు 90తో సంబంధం ఉండదు. గిట్టుబాటు ఖాయమైంది, పండగ పోయింది. అతను చేసింది తప్పని నేననను. కాయ కొనడానికి బ్యాంకు అప్పు తెచ్చినవాడు జూదం ఆడకూడదు.

టీవీ కంపెనీ నష్టం చివరికి ఎక్కడ దిగుతుంది? బ్రాండుల కోసం బిగించే ఫ్యాక్టరీలు చాలావరకు విడిభాగాల ధరను ఒప్పందం ప్రకారం బ్రాండు మీదికే నెడతాయి, బ్రాండు కొన్ని వారాల్లో షోరూం ధర మీదికి నెడుతుంది. దిగుమతిదారు నష్టం అంటున్నది చివరికి మదనపల్లెలోనో, పుత్తూరులోనో వాయిదాల మీద టీవీ కొనే కుటుంబానిదే.

గుజ్జు లాభం ఎంత దూరం పోతుంది? 2025 సీజను దీనికి చేదు జవాబు చెప్పింది. కాయ విరగకాసింది, అంతకు ముందటి ఏడాది గుజ్జే గోదాముల్లో మిగిలి ఉంది. ధర పడిపోతే రాష్ట్ర ప్రభుత్వం తోతాపురికి కిలో 12 రూపాయలుగా నిర్ణయించింది. అందులో ఫ్యాక్టరీ 8 ఇవ్వాలన్నారు, ప్రభుత్వం 4 కలుపుతుందన్నారు. ఆ ఎనిమిదీ దక్కడం లేదని రైతులు రోడ్డెక్కారు. ఇతర రాష్ట్రాల తోతాపురి రాకుండా చిత్తూరు జిల్లా యంత్రాంగం అడ్డుకుంటే కర్ణాటకతో తగువు వచ్చింది. ర్యాంపు దగ్గర ధరను ఖాయం చేసింది డాలరు రేటు కాదు, గోదాములో మిగిలిన డ్రమ్ములు. పంట తక్కువైన ఏడాది ఫ్యాక్టరీలు కాయ కోసం పోటీపడతాయి, అప్పుడు డాలరు లాభంలో కొంత రైతుకు చేరుతుంది. కాయ ఎక్కువైన ఏడాది ఆ పోటీ ఉండదు, లాభం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతుంది. పైగా సీజనులో 86 దగ్గర కొన్న కాయ, శీతాకాలంలో 90 దగ్గర గుజ్జుగా ఓడెక్కినప్పుడు, రైతు లెక్క ఎప్పుడో మూసేసి ఉంటుంది.

అదే రైతు వేరే ఖాతాలో దిగుమతిదారు కూడా. పొటాష్ ఎరువు దాదాపు పూర్తిగా విదేశాలదే, డీజిల్‌కు ముడిచమురు ఎక్కువ భాగం విదేశాలదే. ప్రభుత్వం సబ్సిడీతో కొంతకాలం అడ్డుపడినా రూపాయి పతనం వాటి ధరలోకో, ఖజానాలోకో వస్తుంది. ఎగుమతి పంట పండిస్తూ ఎగుమతి లాభం అందుకోలేక, దిగుమతి భారం మాత్రం తప్పించుకోలేని స్థితి అతనిది. ఎగుమతి, దిగుమతి అని రెండు వర్గాలుగా గీత గీసే వ్యాసాల్లో ఇతను ఏ పక్కనా కనిపించడు.

పెద్ద చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1966 జూన్‌లో డాలరును 4.76 రూపాయల నుంచి 7.50కి మార్చారు. ఎగుమతులు ఆశించినంతగా పెరగలేదు. వరస కరువుల వల్ల అమ్మడానికి పంటే చాలలేదు, కొన్ని సరుకుల మీద ఎగుమతి పన్నులూ వేశారు. రేటు తలుపు తెరుస్తుంది సరే, ఆ తలుపు దాటడానికి సరుకూ, కొనేవాడూ, చేతిలో బేరబలమూ ఉండాలి.

కాబట్టి నా తీర్పు ఇది. రూపాయి పడినప్పుడు ఎగుమతిదారు గెలిచాడా అని అడగాలంటే మూడు సంగతులు చూడాలి: అతని ఖర్చులో రూపాయల వాటా ఎంత, బిల్లు ఏ కరెన్సీలో ఉంది, కొనేవాడు ఎంత తగ్గింపు లాక్కున్నాడు. చిత్తూరు గుజ్జుకు మొదటి రెండూ అనుకూలం, మూడోది తరచూ ప్రతికూలం. తిరుపతి టీవీకి మూడూ ప్రతికూలమే, ప్యానెళ్లు ఇక్కడే పూర్తిగా తయారయ్యేంతవరకు. ఇక సీజను ముందు చిత్తూరు కలెక్టరేట్‌లో మామిడి ధర సమావేశం జరిగే ప్రతిసారీ ఒక చిన్న కాగితం బల్ల మీద పెట్టమని నా విన్నపం. గత ఏడాది టన్ను గుజ్జుకు వచ్చిన సగటు డాలరు ధర, అది మారిన రూపాయి రేటు, గోదాముల్లో మిగిలిన నిల్వ అందులో ఉండాలి. కిలో కాయ ధరను ఆ మూడు అంకెలతో ముడిపెట్టి రాయాలి.