నిలబడితే బీపీ పడిపోతుందా?

ఫస్టియర్ ఎంబీబీఎస్ ఫిజియాలజీ వైవాలో చాలామందిని ఇరుకున పెట్టే ప్రశ్న ఇది. వినడానికి మాత్రం సులువుగా ఉంటుంది. పడుకున్న మనిషి లేచి నిలబడితే రక్తపోటు ఏమవుతుంది? విద్యార్థి ఆలోచించకుండా "పడిపోతుంది సర్" అనేస్తాడు. ఎక్స్‌టర్నల్ రికార్డు తెరిచి, అతను రాసుకున్న అంకెల మీదే వేలు పెడతాడు. పడుకున్నప్పుడు 118/76, నిలబడి మూడు నిమిషాలయ్యాక 112/82. "పై అంకె తగ్గింది, సరే. కింది అంకె పెరిగిందేంటి మరి?"

అక్కడ నోరు మూతపడేది చదవని విద్యార్థికే కాదు. బారోరిసెప్టర్ రిఫ్లెక్స్ మీద నాలుగు పేజీల వ్యాసం రాయగలిగినవాడికీ ఇదే గతి పడుతుంది. రాతపరీక్షలో మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా దారి మన చేతిలో ఉంటుంది. వైవాలో మనం చెప్పిన చివరి మాటను పట్టుకుని ఎగ్జామినర్ పక్కదారికి మళ్లిస్తాడు. అందుకే వైవాకు చదవడమంటే జవాబులు బట్టీ కొట్టడం కాదు, ఏ మాట దగ్గర ఆగితే తర్వాత ఏ ప్రశ్న వస్తుందో ముందే చూసుకోవడం. భంగిమ మారితే బీపీ ఎలా మారుతుందన్న ఈ ఒక్క ప్రయోగాన్నే తీసుకుని, ఆ దారి ఎటెటు పోతుందో చూద్దాం.

"పడిపోతుంది" అన్న జవాబులో తప్పెక్కడ? అది మొదటి కొన్ని సెకన్లకు నిజం, మూడో నిమిషానికి కాదు. లేవగానే సుమారు అర లీటరు రక్తం, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువే, కాళ్లలోని సిరల్లోకీ పొత్తికడుపు సిరల్లోకీ దిగుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, దాంతో స్ట్రోక్ వాల్యూమ్ తగ్గుతుంది, పోటు కిందికి జారుతుంది. పది సెకన్లు అటూ ఇటూగా అడుగుకు చేరి, అర నిమిషంలోపే కోలుకుంటుంది. మనం కఫ్‌లో గాలి కొట్టి, స్టెతస్కోపు పెట్టి, మెల్లగా గాలి వదిలేసరికి ఆ పతనం దాటిపోయి ఉంటుంది. రికార్డులో కనిపించేది పతనం కాదు, సర్దుబాటు పూర్తయ్యాక మిగిలిన స్థితి.

కాబట్టి మొదటి వాక్యంలోనే కాలాన్ని విడదీసి చెప్పాలి. "లేవగానే కొన్ని సెకన్లు తగ్గుతుంది సర్. మూడు నిమిషాలకు సిస్టాలిక్ కొద్దిగా తగ్గి గానీ అలాగే గానీ ఉంటుంది, డయాస్టాలిక్ కొద్దిగా పెరుగుతుంది, పల్స్ పెరుగుతుంది." అంతే, అక్కడ ఆగాలి. ఈ ఆగడమే కష్టం. ఎగ్జామినర్ మౌనంగా చూస్తుంటే ఆ మౌనాన్ని పూడ్చాలనిపించి, తెలిసినవీ తెలియనివీ కలిపి చెప్పేస్తారు. ఆయన మౌనం జవాబు తప్పన్న సూచన కాదు. చాలాసార్లు ఆయన ముందున్న షీటులో మార్కు వేసుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు "డయాస్టాలిక్ ఎందుకు పెరిగింది?" అన్న ప్రశ్న మనల్ని పడగొట్టదు, ఎందుకంటే ఆ మాట దగ్గర ఆగింది మనమే. చిన్న రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల నిరోధం పెరిగింది, అందుకే డయాస్టాలిక్ పెరిగింది. స్ట్రోక్ వాల్యూమ్ ఇంకా పడుకున్నప్పటికన్నా తక్కువే, అందుకే సిస్టాలిక్ తగ్గింది. ఇక్కడ చిన్న లెక్క చేసి చూపితే జవాబు నిలబడుతుంది. పడుకున్నప్పుడు పల్స్ ప్రెషర్ 42, అందులో మూడో వంతు 14, దానికి 76 కలిపితే మీన్ ప్రెషర్ 90. నిలబడ్డాక పల్స్ ప్రెషర్ 30, మూడో వంతు 10, దానికి 82 కలిపితే 92. పై అంకె తగ్గింది, కింది అంకె పెరిగింది, మీన్ ప్రెషర్ మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. శరీరం కాపాడుకుంటున్నది దాన్నే. ఈ లెక్క రెండు వాక్యాల్లో చెప్పగలిగినవాడికి రిఫ్లెక్స్ అర్థమైందని ఎగ్జామినర్‌కు వేరే రుజువు అక్కర్లేదు.

తర్వాత వచ్చేది "ఆ రిఫ్లెక్స్ చెప్పు" అన్న ప్రశ్నే. దీనికి జవాబు వరసను కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, రిఫ్లెక్స్‌కే ఒక వరస ఉంది. ఏం మారింది, ఎవరు పసిగట్టారు, ఏ నరం మోసుకెళ్లింది, మెదడులో ఎక్కడికి, అక్కడి నుంచి ఏ నరం, ఏ అవయవం, చివరికి ఏమైంది. కంగారులో ఒక మెట్టు మర్చిపోయినా, ఈ వరస మనసులో ఉంటే ఏది వదిలేశామో మనకే తెలుస్తుంది. కరోటిడ్ సైనస్‌లోనూ అయోర్టిక్ ఆర్చ్‌లోనూ గోడ సాగడం తగ్గింది. సైనస్ కబురు తొమ్మిదో క్రేనియల్ నరంలో, ఆర్చ్ కబురు పదో నరంలో మెడుల్లాలోని న్యూక్లియస్ ట్రాక్టస్ సాలిటేరియస్‌కు చేరుతుంది. అక్కడి నుంచి గుండె మీద వేగస్ పట్టు సడలుతుంది, సింపథెటిక్ ప్రవాహం పెరుగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి, సిరలు కూడా బిగుసుకుని రక్తాన్ని పైకి నెడతాయి.

ఈ వరసలో ఒకచోట మంచి విద్యార్థులే కాలు జారుతారు. "బీపీ తగ్గగానే బారోరిసెప్టర్లు స్టిమ్యులేట్ అవుతాయి" అంటారు. పుస్తకంలో మొదట చదివింది పోటు పెరిగినప్పటి కథ కావడంతో నాలుక ఆ వైపే పోతుంది. నిజానికి అవి పసిగట్టేది గోడ సాగడాన్ని. పోటు తగ్గితే సాగడం తగ్గుతుంది, నరంలో ఇంపల్స్‌లు తగ్గుతాయి. ఆ తగ్గుదలే కబురు. సింపథెటిక్‌ను ఎవరో కొత్తగా తట్టిలేపడం లేదు, దాని మీద ఉన్న అదుపు సడలుతోంది. ఇంకో జారుడు కరోటిడ్ సైనస్‌ను కరోటిడ్ బాడీ అనడం. బాడీ చూసేది ముఖ్యంగా రక్తంలోని ఆక్సిజన్‌ను. ఒక్క మాట మారితే ప్రశ్నలు కీమోరిసెప్టర్ల వైపు వెళ్లిపోతాయి, అక్కడి నుంచి వెనక్కి రావడం కష్టం. మాట జారిందని తెలియగానే "క్షమించండి సర్, బాడీ కాదు, సైనస్" అని ఆపి దిద్దుకోవడమే మేలు. సందు దొరికితే చెబుదామని ఆగితే ఆ సందు రాదు.

మన రికార్డులో అంకెలు వేరేగా ఉన్నాయనుకోండి. నిలబడ్డాక సిస్టాలిక్, డయాస్టాలిక్ రెండూ ఇంచుమించు ఒకేలా, ఒక్కోటి ఎనిమిది చొప్పున పెరిగాయి. దీన్ని శరీరధర్మంతో వివరించబోయి తిప్పలు పడతారు. అది శరీరధర్మం కాదు, చెయ్యి కిందికి వేలాడింది. కఫ్ గుండె మట్టానికి పది సెంటీమీటర్లు కిందికి ఉంటే రీడింగ్ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆ రక్తస్తంభం బరువు అంత. రెండు అంకెలూ సమానంగా జరగడమే దానికి గుర్తు. "చెయ్యి గుండె మట్టంలో పట్టుకోలేదు సర్" అని చెప్పడానికి మొహమాటపడేవాళ్లున్నారు గానీ, ఎందుకు అంత తేడా వచ్చిందో చెప్పగలిగితే అది మంచి జవాబే.

ఇక్కడి నుంచి ఎగ్జామినర్లు సాధారణంగా రెండు దారుల్లో వెళ్తారు. ఒకటి, ఆ రిఫ్లెక్స్ నరాలను కోసేస్తే ఏమవుతుంది? రెండు, రోగిలో ఎలా కనిపిస్తుంది? ఏ ప్రయోగానికైనా ఈ రెండు ప్రశ్నలూ ముందే వేసుకుని చూసుకోవచ్చు. హాస్టల్‌లో రూమ్మేట్ చేతికి రికార్డిచ్చి, మనం చెప్పే ప్రతి జవాబులో చివరి మాటను పట్టుకుని అడగమంటే చాలు. వాడికి విషయం తెలియాల్సిన పని కూడా లేదు. కానీ జవాబు పైకి చెప్పాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది మరీ అవసరం. విషయం వచ్చు, ఇంగ్లిష్ వాక్యమే నోటికి రాదు. పొడుగు వాక్యం మొదలుపెట్టి మధ్యలో చిక్కుకోవడం కన్నా, కారణానికొక చిన్న వాక్యం, ఫలితానికొక చిన్న వాక్యం అలవాటు చేసుకోవాలి.

కోసేస్తే అన్న దారిలో ఒక పెద్ద ఉచ్చు ఉంది. "బారోరిసెప్టర్ల నరాలన్నీ తెంచేస్తే దీర్ఘకాలంలో బీపీ ఏమవుతుంది?" అదుపు పోయింది కాబట్టి పెరిగిపోతుందని అంటాం. తెంచిన వెంటనే పెరిగే మాట నిజమే. కానీ 1973లో కౌలీ, లియార్డ్, గైటన్ కుక్కల మీద రోజంతా పోటును నమోదు చేసి చూస్తే, కోలుకున్నాక సగటు పోటు పెద్దగా మారలేదు. మారింది ఒడుదొడుకు. లేచినా, పడుకున్నా, తిన్నా, బెదిరినా పోటు విపరీతంగా పైకీ కిందికీ ఊగింది. అంటే ఈ రిఫ్లెక్స్ పని నిమిషం నిమిషానికి వచ్చే కుదుపులను అణచడం. రోజుల తరబడి పోటు ఏ మట్టంలో ఉండాలో నిర్ణయించడంలో మూత్రపిండాలది ప్రధాన పాత్ర. ఈ ప్రయోగం చదవకపోయినా జవాబు మూసుకుపోదు. "నాకు ఈ ప్రయోగం తెలియదు సర్. కానీ బీపీ కొన్నాళ్లు ఎక్కువగానే ఉంటే బారోరిసెప్టర్లు ఆ మట్టానికే అలవాటు పడతాయి, కాబట్టి దీర్ఘకాల అదుపు వీటిది కాకపోవచ్చు" అంటే, తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి ఒక అడుగు వేసినట్టే. ఎగ్జామినర్లు చాలామంది అక్కడ చెయ్యి అందిస్తారు. ఊరికే "తెలియదు" అనేస్తే మాత్రం పాఠమే మార్చేస్తారు, అప్పుడు తర్వాతి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేం.

రోగి దారి ఇంకా నేరుగా ఉంటుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపు సిస్టాలిక్ 20 గానీ, డయాస్టాలిక్ 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. ఈ అంకెలు చెప్పి ఆగగానే తర్వాతి ప్రశ్న వస్తుంది. "ఇద్దరు రోగులున్నారమ్మా. ఒకరికి రెండు రోజులుగా విరేచనాలు. ఇంకొకరికి పదిహేనేళ్లుగా షుగర్. ఇద్దరికీ నిలబడితే బీపీ 30 పడింది. పక్కనే నిలబడి ఏం చూసి తేడా చెబుతావు?"

పరీక్షలేవీ అక్కర్లేదు, మణికట్టు పట్టుకుంటే చాలు. విరేచనాల రోగిలో రిఫ్లెక్స్ చెక్కుచెదరలేదు, లోపించింది రక్తంలోని ద్రవం. అందుకే పల్స్ జోరుగా పెరుగుతుంది. షుగర్ రోగిలో రక్తం సరిపడా ఉంది, దెబ్బతిన్నది నరాలు. అంత పోటు పడినా పల్స్ కదలదు, లేదా కొద్దిగానే పెరుగుతుంది. అయితే విరేచనాల రోగి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ వాడుతుంటే ఈ గుర్తు మోసం చేస్తుంది, పల్స్ పెరగాల్సినంత పెరగదు. ఆ మాట మనమే చివర్లో అనేశామంటే ఎగ్జామినర్ తర్వాత అడిగేది బీటా రిసెప్టర్లు గుండెలో ఎక్కడుంటాయనే. ఆ జవాబు కూడా చూసుకునే వెళ్లాలి, లేదంటే బీటా బ్లాకర్ ఊసెత్తకుండా పల్స్ దగ్గరే ఆగాలి.