చివరి అర మిల్లీగ్రాము దాకా

ఆందోళనకూ నిద్రకూ వాడే అల్ప్రాజోలం, లోరాజెపామ్, డైజిపామ్ వంటి బెంజోడయాజెపైన్ మందులను ఏళ్ల తరబడి వాడినవాళ్లు వాటి నుంచి ఎలా బయటపడాలో చెప్పిన రచనల్లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ చేతిపుస్తకానికి సాటి రాగలది నాకు కనిపించలేదు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 1982 నుంచి 1994 దాకా ఆమె ఈ మందులు మానేవాళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపారు. అక్కడ నేర్చుకున్నదంతా 1999లో పుస్తకంగా తెచ్చారు. అందులో గుండెకాయ లాంటివి డోసు తగ్గించే పట్టికలు. పైపైన చూస్తే వట్టి అంకెల వరసలే. ఒక్కో అంకె అక్కడెందుకు ఉందో అడుగుతూ పోతేనే ఆ పనితనం తెలుస్తుంది.

పట్టికలోకి వెళ్లేముందు అది దేన్ని కాచుకోవడానికి పుట్టిందో చూడాలి. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచే రసాయనం గాబా. ఈ మందులు గాబా గ్రాహకానికి అతుక్కుని దాని పనిని బలపరుస్తాయి. మందు రోజూ అందుతుంటే మెదడు ఊరుకోదు. గ్రాహకాలు మందుకు స్పందించడం తగ్గిస్తాయి, ఉద్రేకపరిచే వ్యవస్థ బలం పుంజుకుంటుంది. నిద్ర పట్టించే గుణం వారాల్లోనే తగ్గిపోతుంది. ఆందోళన తగ్గించే గుణం ఇంకొంత కాలం నిలుస్తుంది. మతిమరుపు మాత్రం అంతగా తగ్గదు. ఆ స్థితిలో మాత్ర ఒక్కసారిగా ఆపితే అణచే బలం లేక ఉద్రేకం ఒక్కటే మిగులుతుంది. వణుకు, నిద్రలేమి, భ్రాంతులు, అన్నిటికన్నా ప్రమాదకరంగా ఫిట్స్.

ఇది ఈనాడు తెలిసింది కాదు. ఈ కుటుంబంలో మొదటి మందు క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లో అమెరికా మార్కెట్లోకి వస్తే, మరుసటి ఏడాదే లియో హాలిస్టర్ బృందం ఒక పరిశీలన ప్రచురించింది. రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా తీసుకుంటున్న 11 మందికి, చెప్పకుండా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. పది మందిలో కొత్త లక్షణాలు మొదలయ్యాయి. ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి, ఒకరికి ఏడో రోజున, ఇంకొకరికి ఎనిమిదో రోజున. వారం పట్టడానికి కారణం ఆ మందు ఒంట్లోంచి మెల్లగా పోవడమే. అల్ప్రాజోలం, లోరాజెపామ్ లాంటి త్వరగా కరిగిపోయేవి ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ఆ ప్రమాదం రావచ్చు.

ఆష్టన్ పట్టిక మొదట పట్టుకున్నది ఈ తేడానే. అల్ప్రాజోలం సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 6 నుంచి 12 గంటలు చాలు. అందుకే రోజుకు మూడుసార్లు వేసుకునేవాళ్లకు కూడా మాత్రకూ మాత్రకూ మధ్య చిన్న విత్‌డ్రాయల్ వస్తుంటుంది. తెల్లారి లేవగానే గుండె దడ, చేతుల వణుకు. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచుకుంటారు. ఈ ఉచ్చులోంచి బయటికి తేవడానికి ఆమె తగ్గింపు కంటే ముందు మార్పిడి పెట్టారు. అల్ప్రాజోలం స్థానంలో డైజిపామ్. దాని ప్రభావం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, దాని నుంచి పుట్టే మరో రూపం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి రక్తంలో మట్టం ఒక్కసారిగా పడిపోదు.

ఒక లెక్క కట్టి చూద్దాం. రోజుకు మూడుసార్లు 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం వేసుకుంటున్న మనిషి అనుకోండి. ఆష్టన్ లెక్కలో 0.5 అల్ప్రాజోలం సుమారు 10 మిల్లీగ్రాముల డైజిపామ్‌కు సమానం. అంటే రోజుకు 30. ఒక్క రోజులో మొత్తం మార్చరు. ముందు రాత్రి మాత్రలో సగం తీసేసి దాని బదులు 5 డైజిపామ్. దాదాపు వారం తర్వాత రాత్రి మాత్ర పూర్తిగా డైజిపామే. తర్వాత ఉదయానిది, ఆఖరున మధ్యాహ్నానిది. మొదట రాత్రిదే ఎందుకు? కొత్త మందు మత్తు తెస్తే నిద్రలో గడిచిపోతుంది, పైగా తెల్లారి వచ్చే దడను అదే ఆపుతుంది. ఆరు వారాల్లో మార్పిడి పూర్తయ్యేసరికి మొత్తం అంతే ఉంటుంది, ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. మానడానికి వచ్చినవాడికి మొదట్లో వారాలపాటు ఏమీ తగ్గించకుండా ఉంచగల నిబ్బరం ఆ పట్టికలో ఉంది.

తగ్గింపు ఆ తర్వాతే. 30 నుంచి 20 దాకా ఒక్కో మెట్టుకు 2 మిల్లీగ్రాములు, 20 నుంచి 5 దాకా ఒక్కోటి, ఆపైన అర. మెట్టుకు వారం నుంచి రెండు వారాలు. లెక్క వేస్తే 5, 15, 10, మొత్తం 30 మెట్లు. అంటే ఏడు నెలల నుంచి పద్నాలుగు నెలలు. మెట్టు ఎత్తు ఎందుకు తగ్గుతూ వచ్చిందంటే, 30లో 2 తీస్తే పోయేది పదిహేనో వంతే. 5లో 2 తీస్తే దాదాపు సగం. మెదడుకు లెక్క ఉన్నదాంట్లో ఎంత పోయిందన్నదే. అల్ప్రాజోలంతోనే ఇంత సన్నగా దిగడం కష్టం. మామూలుగా దొరికే చిన్న మాత్ర 0.25. దాన్ని సగం విరిచినా అది 2.5 డైజిపామ్ అంత. డైజిపామ్‌లో 2 మిల్లీగ్రాముల మాత్ర ఉంది, విరిస్తే ఒకటి, మళ్లీ విరిస్తే అర. చేతికి అందే మాత్రల కొలతను బట్టి మెట్లు కట్టారామె.

ఆ పట్టిక ఆజ్ఞ కాదని కూడా ఆమె స్పష్టంగా రాశారు. వేగం రోగి చేతిలో ఉండాలి. కష్టంగా ఉంటే అక్కడే కొన్ని వారాలు ఆగవచ్చు, కానీ వీలైనంతవరకూ వెనక్కి ఎక్కకూడదు. ఇక్కడ చాలామంది తడబడతారు. పాత ఆందోళన తిరిగొచ్చిందా, ఇది విత్‌డ్రాయలా? చప్పుడు భరించలేకపోవడం, వెలుతురు కళ్లలో గుచ్చుకోవడం, నోట్లో లోహపు రుచి, చర్మం మీద చీమలు పాకినట్లు ఉండటం, కండరాలు ఎగరడం... మునుపెన్నడూ లేని ఇలాంటివి డోసు తగ్గించాక మొదలైతే అది విత్‌డ్రాయల్ అయ్యే అవకాశమే ఎక్కువ.

పట్టికకు హద్దులు ఉన్నాయి. సమాన డోసుల లెక్కలు సుమారువే, మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. వృద్ధుల్లో, కాలేయం దెబ్బతిన్నవాళ్లలో డైజిపామ్ పేరుకుపోయి మత్తు, తూలడం రావచ్చు. వాళ్లకు వాడుతున్న మందునే మెల్లగా తగ్గించడం మేలు కావచ్చు. ఏదైనా సరే, డాక్టర్ పర్యవేక్షణలోనే. ఇదివరకే ఫిట్స్ వచ్చినవాళ్లూ, మద్యం అలవాటు ఉన్నవాళ్లూ, పెద్ద డోసుల్లో ఉన్నవాళ్లూ ఆసుపత్రిలో ఉండి తగ్గించుకోవలసి రావచ్చు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గింపుతో మొదలుపెట్టమంటున్నాయి. ఏళ్ల కిందటి ఆష్టన్ మెట్ల ఎత్తు మొదట్లో ఆ పరిధిలోనే పడుతుంది, మెట్టుకూ మెట్టుకూ మధ్య వ్యవధి మాత్రం తక్కువ.

ఆ పట్టిక నిలవడానికి మొదటి అంకె ఒకటి కావాలి, రోజుకు ఎంత వేసుకుంటున్నారో తెలియాలి. తెలంగాణలో కల్తీ కల్లు తాగేవాళ్లకు ఆ అంకే ఉండదు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఏళ్లుగా తాగినవాళ్లలో ఎవరి ఒంట్లో ఎంత చేరిందో ఎవరికీ తెలియదు. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వింత ప్రవర్తనతో, భ్రాంతులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. అలాంటి మనిషికి డాక్టర్లు కాగితం మీద లెక్క కట్టలేరు. వార్డులో చేర్చుకుని, నాడి, రక్తపోటు, వణుకు చూస్తూ, మత్తు మితిమీరకుండా కాచుకుంటూ డైజిపామ్ లేదా లోరాజెపామ్ ఇస్తూ, ఎంత దగ్గర మనిషి కుదుటపడ్డాడో అక్కడి అంకెను రాసుకుని, దిగడం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.