మరక మంచిదే: ఒక ఏకారం చేసిన పని

‘మరక మంచిదే’ అన్న మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. సర్ఫ్ ఎక్సెల్ ప్రకటన చివర రెండు క్షణాలు వినిపించి వెళ్లిపోయే ఈ మాట ఇప్పుడు సబ్బుపొడితో పని లేకుండానే మన నోళ్లలో తిరుగుతోంది. ఇంగ్లీషులో పుట్టి, హిందీలో రూపం మార్చుకుని, దక్షిణాది భాషలు నాలుగింటిలోకి వచ్చిన వాక్యం ఇది. ప్రకటనల అనువాదం గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది దీన్నే. చమత్కారం చెడకుండా, మాట వెనక ఉన్న మనసు మారకుండా ఒక వాక్యాన్ని భాష దాటించాలంటే ఏమేం చూసుకోవాలో ఇందులో దాదాపు అన్నీ కనిపిస్తాయి.

యూనిలీవర్ సంస్థ తన బట్టల సబ్బుపొడులకు చాలా దేశాల్లో వాడిన మూలవాక్యం ‘డర్ట్ ఈజ్ గుడ్’. పిల్లలు దుమ్ములో, మట్టిలో ఆడితేనే ఎదుగుతారన్నది దాని భావం. 2005లో లోవ్ ఏజెన్సీ దాన్ని మన దేశానికి ‘దాగ్ అచ్ఛే హై’గా తెచ్చింది. చెల్లి బురదగుంటలో పడిందని ఒక పిల్లవాడు ఆ గుంటతోనే కలబడి, పిడిగుద్దులు గుద్ది, ఒళ్లంతా బురదతో లేచి నిలబడే ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూలంలో ఉన్నది మురికి. హిందీ రచయితలు మురికిని వదిలేసి మరకను పట్టుకున్నారు. దాగ్ అంటే బట్ట మీద మరక, పరువు మీద మచ్చ కూడా. ఆ పేరుతో 1952లో దిలీప్ కుమార్ సినిమా, 1973లో యశ్ చోప్రా సినిమా వచ్చాయంటే ఆ మాట హిందీవాళ్ల మనసులో ఎంత బరువైనదో తెలుస్తుంది. అంత బరువైన మాట పక్కన ‘మంచివి’ అని పెట్టడంలోనే చమత్కారమంతా ఉంది. మంచి పని చేస్తూ అంటించుకున్న మరక పరువు తీయదు, పెంచుతుందని అర్థం.

ఇక తెలుగు. దాగ్‌కు మన దగ్గర రెండు మాటలున్నాయి, మచ్చ, మరక. పరువుకు సంబంధించిన అర్థం మచ్చలో బలంగా ఉంది. ‘మచ్చలేని మనిషి’ అంటాం, చంద్రుడికీ మచ్చ ఉందంటాం. నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నవాడు దీన్నే ఎంచుకుంటాడు. కానీ ‘మచ్చ మంచిదే’ అని ఒకసారి పైకి అని చూడండి. పుట్టుమచ్చల శాస్త్రం చెప్పేవాడు ముందు కూర్చుని, బుగ్గ మీద ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా అని అడుగుతున్నట్టుంటుంది. మచ్చకు ఒంటితో, చర్మంతో చుట్టరికం ఎక్కువ. పైగా అది పోయేది కాదు. సబ్బుపొడి అమ్మేవాడికి పోని మాట పనికిరాదు.

‘మురికి మంచిదే’ అంటే వినేవాళ్ల ముక్కుకు మురికికాలువ తగులుతుంది. ‘మట్టి మంచిదే’ అంటే రైతు భూమిని పరీక్షించి చెప్పిన మాటవుతుంది, అందులో వింత ఏమీ లేదు. మరక బట్టకు పడేది, ఉతికితే పోయేది. అవసరమైనప్పుడు పేరుకూ అంటుతుంది. అవినీతి మరక అని పత్రికలు రోజూ రాస్తూనే ఉంటాయి. దాగ్‌లో ఉన్న రెండు అర్థాలూ మరకలో ఉన్నాయి, మచ్చలో ఉన్న ఇబ్బంది లేదు. మాట ఎంపికలోనే సగం పని అయిపోయింది.

మిగతా సగం పని చేసింది చివరి ఏకారం. ‘మరక మంచిది’ అని రాసి ఉంటే అర్థంలో తప్పేమీ లేదు. కానీ అది ‘నడక మంచిది’, ‘వేపాకు మంచిది’ లాంటి ఆరోగ్య సలహా అయ్యేది. అడగని సలహా ఎవరూ వినరు. ‘మంచిదే’ అన్నప్పుడు మాత్రం అంతకుముందు ఎవరో ఏదో అన్నారని తెలిసిపోతుంది. ‘వాడు మంచివాడే’ అని మనం ఎప్పుడంటాం? ఎదుటివాళ్లు వాడి మీద ఏదో నింద వేసినప్పుడు. అలాగే ఇక్కడ వినిపించని మాట ఒకటుంది, ‘ఏమిట్రా ఆ బట్టలు!’ అన్న అమ్మ కేక. ఆ కేకకు జవాబుగా, ఆమెను తప్పుపట్టకుండా, కాస్త నవ్వుతూ పిల్లవాడి పక్షాన నిలబడ్డ మాట ‘మంచిదే’. హిందీ వాక్యానికి ఈ సౌకర్యం లేదు. అక్కడ ఆ లాలనంతా ప్రకటనలో గొంతు పలికించాలి. తెలుగులో ఒక్క అచ్చు పలికించింది.

ఏకారాన్ని ఒక్క మాట ముందుకు జరిపి ‘మరకే మంచిది’ అంటే వాక్యం మొత్తం తిరగబడుతుంది. శుభ్రంగా ఉండటం కన్నా మరకే మేలు అన్న అర్థం వస్తుంది. సబ్బు కొనాల్సిన పనే ఉండదు. ‘మరక కూడా మంచిదే’ అంటే బతిమాలినట్టుంటుంది. హిందీలో ఉన్నట్టు బహువచనంలో ‘మరకలు మంచివే’ అంటే వ్యాకరణం సరిపోతుంది గానీ, చొక్కా మీద మరకలు లెక్కపెడుతున్నట్టుంటుంది. ఏకవచనంలో అది లోకోక్తి తీరులో నిలబడింది. మన సామెతలు చాలావరకు నడిచేది ఏకవచనంలోనే.

ఇక చెవికి ఎలా వినిపిస్తుందో చూద్దాం. మరకలో మూడూ లఘువులే, ఛందస్సు చదివినవాళ్ల లెక్కలో నగణం. మంచిదేలో గురువు, లఘువు, గురువు, అంటే రగణం. మొదటి మాట టకటకా అయిపోయి, రెండో మాట నిలబడి, చివర దీర్ఘం మీద తెరుచుకుంటుంది. రెండు మాటలూ మకారంతో మొదలుకావడం యతి కుదిరినట్టే ఉంది. రాసినవాళ్లు గణాలు కట్టి రాశారని నేననను. తెలుగు చెవి ఉన్నవాళ్లు పది రకాలుగా రాసుకుని, పైకి చదివి, దీని దగ్గర ఆగి ఉంటారనిపిస్తుంది. చివరి దీర్ఘం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. పెట్టె బొమ్మ తెర మీదికి వచ్చే క్షణంలో డబ్బింగ్ గొంతు ‘దే’ని కావాలంటే సాగదీయవచ్చు, వద్దంటే తుంచేయవచ్చు. సంగీతంతో సర్దుకోవడానికి అదే చోటు.

కన్నడంలో ఇదే వాక్యం ‘కలె ఒళ్ళెయదు’ అయింది. నా దృష్టిలో నాలుగింటిలో అదృష్టం పండినది ఇదే. కన్నడంలో కలె అంటే మరక. సంస్కృతం నుంచి వచ్చిన కళకు కూడా అక్కడ రూపం కలె. రాతలో, పలుకులో రెంటికీ తేడా లేదు. అంటే ఆ వాక్యం ‘మరక మంచిది’ అని ఎంత చెబుతుందో ‘కళ మంచిది’ అని కూడా అంతే చెబుతుంది. గోడ మీద రంగులు పూసిన పిల్లవాడి పక్కన ఆ మాట పెడితే ఇక వివరణ అక్కర్లేదు. హిందీలో ఉన్న పరువు చమత్కారం ఇక్కడ కాస్త పలచబడింది గానీ, దాని స్థానంలో మూలంలో లేని కొత్త చమత్కారం వచ్చి కూర్చుంది. మురికికి దగ్గరగా ఉండాలని ‘కొళె’ అన్న మాట తీసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ళకారం కాస్త జారి లకారమైతే అది ‘కొలె’, అంటే హత్య. రేడియోలో ఆ వాక్యం విన్నవాళ్లు ఉలిక్కిపడేవారు. ఇలాంటి ప్రమాదం కాగితం మీద కనిపించదు. అందుకే ఈ పని చేసేవాళ్లు వాక్యాన్ని రెండు మూడు యాసలవాళ్ల చేత పైకి చదివించి వింటారు.

తమిళంలో ‘కఱై నల్లదు’. మన బండిరా అక్కడ ఇంకా రాతలో బతికే ఉంది. ఆ కఱైకి కళంకం అన్న అర్థం పాతదే. చాలామంది నోట ఆ ఱకారం మామూలు రకారంలాగే వినిపిస్తుంది, అప్పుడది ఒడ్డు, అంచు అన్న అర్థమున్న కరై అవుతుంది. పార్టీ రంగు అంచున్న రాజకీయ నాయకుల పంచెను ‘కరై వేట్టి’ అంటారు కనుక తమిళ చెవికి అందులో కొంటెతనం కూడా దొరుకుతుంది. తమిళంలోనూ ఏకారం ఉంది. అయితే ‘నల్లదే’ అంటే గ్రంథాల భాషలా బిగుసుకుంటుంది, ‘నల్లదుదాన్’ అంటే పొడవవుతుంది. అందుకని బోసిగా వదిలేశారు. ఇంటి పెద్ద ఒక్క ముక్కలో తేల్చేసినట్టుంటుంది. తెలుగులో ఉన్న లాలన అక్కడ లేదు, బదులుగా ఒక నిబ్బరం ఉంది.

మలయాళం ‘కఱ నల్లదాణ్’ దీనికి దగ్గరి చుట్టం. అక్కడ ‘ఆణ్’ అన్న క్రియ లేకపోతే వాక్యం కుంటుతుంది కనుక చేర్చారు. నాలుగింటిలో నాకు కాస్త చప్పగా అనిపించేది ఇదే.

ప్రకటనల సంస్థల్లో వాక్యాలు ఆమోదం పొందే తీరు చూస్తే ఈ పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. భాష రాని అధికారి కోసం ప్రతి వాక్యం పక్కనా దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి రాస్తారు. ఈ నాలుగు వాక్యాలనూ అలా తిప్పితే నాలుగు గడుల్లోనూ వచ్చేది ఒకే ఇంగ్లీషు వాక్యం. తెలుగు ఏకారం, కన్నడ కళ, తమిళ నిబ్బరం ఏవీ ఆ గడుల్లో కనిపించవు. ‘మచ్చ మంచిదే’ అని రాసినా ఆ గడిలో వాక్యం మారదు, ‘కొళె’ అని రాసినా పెద్దగా తేడా కనిపించదు. అందుకని తెలిసిన రచయితలు ఆ గడి పక్కన ఇంకో గడి గీసుకుని, ఈ మాటను ఇంట్లో ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటారో రాస్తారు. అది రాయలేకపోతే వాక్యం ఇంకా కుదరనట్టే లెక్క.

అన్ని వాక్యాలకూ ఇంత అదృష్టం ఉండదు. ప్రసూన్ జోషి రాయగా ఆమిర్ ఖాన్ నటించిన ‘ఠండా మత్‌లబ్ కోకా-కోలా’ హిందీలో గొప్ప వాక్యం. ఉత్తరాదిలో దుకాణంలో ఠండా అంటే శీతలపానీయం. మనం దుకాణంలో అడిగేది కూల్ డ్రింక్. ‘కూల్ డ్రింక్ అంటే కోకా-కోలా’ అంటే నిర్వచనం చెప్పినట్టుంటుంది. ఠండాను అలాగే ఉంచితే మన చెవికి లంబాడీల తండా వినిపిస్తుంది. అక్కడి దుకాణాల వాడుకలో పుట్టిన చమత్కారం అది, ఆ వాడుక లేనిచోట అతకదు. అలాంటప్పుడు వాక్యాన్ని పక్కనపెట్టి, మన దుకాణం ముందు నిలబడి కొత్తది రాసుకోవడం తప్ప దారి లేదు.

ఇంత పని జరిగినా ఈ వాక్యాల కింద రచయిత పేరు ఉండదు. అది ఈ వృత్తి తీరు, మారుతుందని నేను అనుకోను. మారగలిగేది ఒకటుంది. చాలా ప్రకటనల్లో హిందీలో చిత్రీకరణ అంతా అయిపోయాక వాక్యం తెలుగు రచయిత చేతికి వస్తుంది. అప్పటికి పిల్లవాడి పెదవులు కదలడం అయిపోయింది, బొమ్మ అయిపోయింది, రెండు క్షణాల జాగా మాత్రం మిగిలి ఉంటుంది. సంస్థలవాళ్లకు నా విన్నపం ఇదే: కథ రాసుకునే రోజునే నాలుగు భాషల రచయితలనూ కూర్చోబెట్టండి.