పుటలోని అంకె పుటలోనే ఉండాలి

తెలుగు వికీసోర్సులో స్కాన్ చూస్తూ పాత పుస్తకాలను అచ్చుదిద్దేవారి పనితనం నాకు అక్షరాల కంటే అంకెల దగ్గరే ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక శతకం పుట తీసుకుందాం. పద్యం చివర ౧౦౮ అని ఉంది. పుట అడుగున పాఠాంతరాల గుర్తులు మాత్రం 1, 2, 3. ఇప్పటివాళ్లకు సులువుగా ఉంటుందని అన్నిటినీ ఒకే రకానికి మార్చేయాలనిపించడం సహజం. చేయి తిరిగినవారు ఆ పని చేయరు. పద్యసంఖ్య ఏదో, అడుగు గుర్తు ఏదో చూడగానే తెలిసేలా ముద్రాపకుడే రెండు రకాల అంకెలు పేర్చాడు. ఒకసారి కలిపేస్తే ఏది ఏ రకమో మళ్లీ స్కాన్ తెరిస్తే తప్ప తెలియదు. ఉన్నవి ఉన్నట్టు ఉంచితే, కావలసినవారు తమ ప్రతిలో ఒక్క వరుసతో మార్చుకోవచ్చు:

```python
t = t.translate(str.maketrans("౦౧౨౩౪౫౬౭౮౯", "0123456789"))
```

ఈ వరుస సరిగా పనిచేయాలంటే సున్న సరైనదై ఉండాలి. అసలు నేర్పు అక్కడే ఉంది. అంకె సున్న ౦, అక్షరాల పక్కన వచ్చే ం తెరమీద దాదాపు ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు. ‘అంటే’లో పొరపాటున అంకె సున్న పడితే ఎవరి కంటికీ ఆనదు. పై వరుస నడిపాక అది ‘అ0టే’ అయి బయటపడుతుంది. అలాగే ౧౦౮లో అక్షర సున్న పడితే ‘1ం8’ వస్తుంది. అందుకే జాగ్రత్తపరులు అక్షరం వెనక చేరిన అంకె సున్నలను ముందే వెతికి పట్టుకుంటారు:

```python
import re
re.findall("[\u0c00-\u0c4d]\u0c66", t)
```

పాత లెక్కల పుస్తకాల్లో మరో చిక్కు ఉంది. పావుకు ౹, అరకు ౺, ముప్పావుకు ౻, వీసానికి ౼ అనే గుర్తులుండేవి. 2008లో ఇవి యూనికోడ్‌లో చేరాయి. ౩౻ అన్నది మూడుముప్పావు. పది అంకెల పట్టికతో మారిస్తే అది 3౻ అయి రెండింటికీ చెడుతుంది. 3¾ అని రాయాలంటే మనిషే చూసి రాయాలి.

అన్నిచోట్లా తెలుగు అంకెలే ఉండాలని కాదు. ప్రచురణ సంవత్సరం, వర్గాల పేర్లు పుటలోని పాఠం కావు, పుస్తకం గురించి మనం రాసుకునే వివరాలు. వరుసలో పేర్చడానికీ వెతకడానికీ అక్కడ 1, 2, 3లే మేలు. ఎక్కడ ఏ అంకెలు వాడాలన్న నిర్ణయాన్ని పుస్తకం చర్చాపేజీలో ముందుగానే రాసి పెట్టేవారంటే నాకు మరీ గౌరవం. సగం పుస్తకం ఒకరు ఒకలా, మిగతా సగం ఇంకొకరు ఇంకోలా దిద్దితే, అచ్చులో ఏముందో ఆ ప్రతిని చూసి ఎవరూ చెప్పలేరు.